ఊతపదాలు తీయండి, ఊపిరి తీయకండి

మన విభాగంలో రికార్డు చేసిన ఉపన్యాసాలన్నీ ‘ఖాళీలు తీసేసి’ చిన్నవిగా చేసి అందరికీ పంపాలని ఈమధ్య ఒక మాట నడుస్తోంది. కత్తిరించడానికి నేను అడ్డు చెప్పను. గంట ఉపన్యాసంలో దగ్గు, మైకు సర్దుకోవడం, కాగితం వెతుక్కోవడం, ‘ఆ... అంటే... ఆ...’ ఇవన్నీ వినే ఓపిక నాకూ లేదు. కానీ మౌనం అంతా చెత్త కాదు, ‘అంటే’ ప్రతిసారీ ఊతపదం కాదు. ఈ రెండూ తెలియకుండా కత్తెర పట్టుకుంటే మాట్లాడినవాళ్ళు ఎవరో తరుముతుంటే పరిగెడుతున్నట్టు వినిపిస్తారు. పోయిన నెలలో గుణుపురం నుంచి వచ్చిన మాస్టారి ఉపన్యాసానికి సరిగ్గా అదే జరిగింది.

ఉపన్యాసం గిడుగు రామమూర్తి గారి గురించి, సవర భాష గురించి. అసలు రికార్డింగు 52 నిమిషాలు. ఎవరో ఫోన్‌లో ఒక యాప్‌కి ఇచ్చి ఒక్క నొక్కుతో 36 నిమిషాలు చేసి పంపారు. అది విన్నవాళ్ళలో సగంమంది ‘మాస్టారు ఏంటి, అంత కంగారుగా చెప్పారు’ అన్నారు. హాల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు, ఆయన కంగారు మనిషి కాదు. నేనూ మా సీనియర్ అక్కా కలిసి అదే రికార్డింగుని మళ్ళీ మొదటినుంచి చేశాం. మాది 44 నిమిషాలు వచ్చింది. ఆ ఎనిమిది నిమిషాల తేడాలో ఏముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ‘డేటా అయిపోతుంది’ అనే వాదన సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ దాన్నే ముందు పెడతారు. కాశీపూర్ వైపు నుంచి వచ్చే మన అమ్మాయిలకి ఇంటిదగ్గర సిగ్నల్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, సంతకి వచ్చినప్పుడే డౌన్‌లోడ్ చేసుకుంటారు. కాబట్టి ఫైలు చిన్నది కావాలి, నిజమే. కానీ లెక్క వేసి చూడండి. 128 కేబీపీఎస్ స్టీరియోలో 52 నిమిషాల ఎంపీత్రీ సుమారు 50 ఎంబీ. దాన్ని గీకి గీకి 36 నిమిషాలు చేసినా దాదాపు 35 ఎంబీ ఉంటుంది. అదే 52 నిమిషాల్లో ఒక్క మాటా తీయకుండా, మోనోగా మార్చి 48 కేబీపీఎస్‌లో పెడితే 19 ఎంబీ లోపే వస్తుంది. ఒక మనిషి ఒక మైకు ముందు మాట్లాడినదానికి స్టీరియో ఎందుకండీ? మా 44 నిమిషాల ఫైలు అలా చేస్తే 16 ఎంబీ అయింది. ఫైలు బరువు తగ్గేది ఎక్స్‌పోర్ట్ దగ్గర. మాస్టారి మౌనాలు మింగడం వల్ల కాదు. సమయం కలిసిరావాలనుకున్నవాళ్ళు ఫోన్‌లో వేగం 1.25 పెట్టుకుని వినొచ్చు, అది వాళ్ళిష్టం.

ఇక అసలు విషయానికి వస్తాను. కత్తిరించిన మాట ముక్కలుముక్కలుగా ఎందుకు వినిపిస్తుంది? చాలామంది అతుకు దగ్గర ‘టక్’ మనడం వల్ల అనుకుంటారు. అదొక చిన్న కారణం. పెద్ద కారణం, మౌనాలన్నీ ఒకే పొడుగు అయిపోవడం. మనిషి మాట్లాడేటప్పుడు కామా దగ్గర ఒకలా, వాక్యం అయ్యాక ఇంకోలా, కొత్త సంగతి ఎత్తుకునే ముందు ఇంకాస్త ఎక్కువగా ఆగుతాడు. మన చెవి ఆ తేడాని బట్టే ఏది దేనికి సంబంధించిందో పోల్చుకుంటుంది. యాప్ ఏం చేసిందంటే అన్నిటినీ అర సెకనుకి కోసేసింది. కామా అర సెకనే, పేరా అర సెకనే. పేరాలు, ఫుల్‌స్టాపులు తీసేసి అన్ని మాటల మధ్యా ఒకేలాంటి గీత పెట్టి అచ్చువేసిన పుస్తకం ఎలా ఉంటుంది? అలా ఉంది.

ఆడాసిటీలో Truncate Silence అని ఒకటుంది, Effect మెనూలో దొరుకుతుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే, మన కంప్యూటర్ ల్యాబ్‌లోనూ ఉంది. దాంట్లో రెండు దారులుంటాయి. మొదటిది Truncate Detected Silence. అది ఆ యాప్ చేసిన పనే చేస్తుంది, పొడుగు మౌనాలన్నిటినీ ఒకే కొలతకి కోసేస్తుంది. రెండోది Compress Excess Silence. ఇది మనం చెప్పిన కొలతని వదిలేసి, దాన్ని మించినదాన్ని మాత్రం శాతం చొప్పున తగ్గిస్తుంది. మేం Duration దగ్గర 0.8 సెకన్లు, Compress to దగ్గర 30 శాతం పెట్టాం. అప్పుడు 4 సెకన్ల మౌనం ఏమవుతుంది? మొదటి 0.8 అలాగే ఉంటుంది, మిగిలిన 3.2లో 30 శాతం అంటే 0.96, మొత్తం 1.76 సెకన్లు. 1.2 సెకన్ల మౌనమైతే 0.92 అవుతుంది. 0.8 లోపువి అసలు ముట్టుకోదు. అంటే అన్నీ తగ్గాయి, కానీ పెద్దది పెద్దదిగానే, చిన్నది చిన్నదిగానే మిగిలింది. మాస్టారి నడక మారలేదు, దూరం తగ్గిందంతే.

అయితే ఈ బటన్ నొక్కేముందు Threshold అనే అంకె సరిగ్గా ఉండాలి. ఎంత మెల్లటి శబ్దాన్ని ‘మౌనం’ అనుకోవాలో చెప్పేది అదే. మన తెలుగుకి ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. ‘కాదు’, ‘లేదు’, ‘రాదు’ అన్నీ చివరే. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దిగిపోతుంది, ఊపిరి అయిపోతుంది, ఆ చివరి అక్షరాలు గుసగుసలా వస్తాయి. Threshold ఎక్కువగా పెడితే యంత్రం ఆ గుసగుసని మౌనం అనుకుని నమిలేస్తుంది. ఆ 36 నిమిషాల ఫైల్లో ఒకచోట మాస్టారు ‘అది గిడుగు వారు ఒప్పుకోలేదు’ అన్నారు. వినిపించింది మాత్రం ‘ఒప్పుకో’ దాకానే, తర్వాత వాక్యం మొదలైపోయింది. ఒప్పుకున్నారో లేదో వినేవాళ్ళే ఊహించుకోవాలి! ఒడియాలోనూ అంతే, ‘నాహిఁ’ చివరే వస్తుంది. మా ఇంట్లో అమ్మ తెలుగు, బాపా ఒడియా. ఇద్దరూ ‘కాదు’ అనే సంగతి వాక్యం అయ్యేదాకా బయటపెట్టరు. ఇంగ్లీషులో అయితే ‘నాట్’ వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది కాబట్టి చివర కాస్త తెగినా అర్థం నిలబడుతుంది. ఎక్కడో ఇంగ్లీషు ఉపన్యాసాలకి సరిపోయిన అంకెలు మనకి సరిపోతాయని ఎందుకనుకోవాలి?

Threshold ఎంత పెట్టాలన్నది రికార్డింగునే అడగాలి. ఎవరూ మాట్లాడని చోట రెండు సెకన్లు ఎంచుకుని, అక్కడ మీటరు ఎంత చూపిస్తోందో చూడాలి. మా రికార్డింగులో ఫ్యాను హోరు సుమారు -48 డీబీ దగ్గర ఉంది. మేం -42 పెట్టాం, హోరు కంటే కాస్త పైన, మాస్టారి గుసగుస కంటే కాస్త కింద. ఇరవయ్యో నిమిషం దగ్గర వాన మొదలైంది. కొరాపుట్ వాన రేకుల మీద ఎలా కురుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి హోరు -36కి చేరింది. పాత అంకెతో చూస్తే యంత్రానికి మౌనమే కనబడదు, ఒక్కటీ తగ్గించదు. అంకె పెంచితే వానతోపాటు మాస్టారి మాట చివర్లు కూడా పోతాయి. అందుకని వాన ఉన్న పధ్నాలుగు నిమిషాలూ బటన్ వాడకుండా చేత్తోనే చేశాం. వాన రికార్డింగుని యంత్రానికి వదలొద్దు, నా మాట నమ్మండి.

నొక్కే ముందే యంత్రం వేటిని మౌనం అనుకుంటోందో చూడాలంటే, కమాండ్లు టైపు చేయడం వచ్చినవాళ్ళకి ఒక దారి ఉంది. ఇది ఏదీ కొయ్యదు, 1.2 సెకన్లు దాటిన మౌనాల చిట్టా మాత్రం ఇస్తుంది.

```
ffmpeg -i upanyasam.wav -af silencedetect=noise=-42dB:d=1.2 -f null -
```

తెర మీద silence_start, silence_end, silence_duration అని వరసగా వస్తాయి. ఆ చిట్టాలో ఒకే మౌనం రెండు మూడు ముక్కలుగా కనిపిస్తే మధ్యలో ఏదో చప్పుడు గీత దాటిందని అర్థం. కుర్చీ జరిగి ఉండొచ్చు, చిన్న మాట ఏదైనా ఉండొచ్చు. అక్కడికి వెళ్ళి వినాల్సిందే.

Duration గురించి ఇంకొక్క మాట. కొందరు ‘ఇంకా బిగించాలి’ అని దాన్ని 0.1 సెకనుకి దించుతారు. తెలుగులో అది అక్షరాలనే తినేస్తుంది. ‘ట్ట’, ‘క్క’, ‘ప్ప’ పలికి చూడండి. నోరు మూసుకుని ఒక క్షణం శబ్దమే ఉండదు, తర్వాత విడుస్తాం. ద్విత్వంలో ఆ మూసిన క్షణం మామూలు అక్షరంలో కంటే సుమారు రెట్టింపు ఉంటుంది, నిదానంగా మాట్లాడేవాళ్ళకి 0.15, 0.2 సెకన్ల దాకా పోతుంది. అది యంత్రానికి మౌనం, మనకి అక్షరం. దాన్ని కుదిస్తే ‘అట్టు’ కాస్తా ‘అటు’ అవుతుంది. టిఫిన్ దిక్కుగా మారిపోయింది! నవ్వొస్తుంది కానీ, తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న మన కువి, సవర ఇళ్ళ అమ్మాయిలు విని రాసుకునేది ఈ ఫైల్లోంచే. వాళ్ళ చెవిలో పడే ఒత్తులు సరిగ్గా ఉండాలి కదా.

ఇప్పుడు ఊతపదాలు. ఇవి యంత్రానికి చిక్కవు, చేత్తోనే తీయాలి. మాస్టారి ఊతపదాలు ‘అంటే’, ‘మరి’, ‘ఏమిటంటే’, ‘అన్నమాట’. మధ్యమధ్య ఒడియా ‘మానే’ కూడా దొర్లుతుంది, ఈ ప్రాంతం మనిషి కదా. పైకి చూస్తే వెతికి తీసెయ్యడమే అనిపిస్తుంది. కానీ ‘లిపి, అంటే రాసుకునే గుర్తులు’ అన్నప్పటి ‘అంటే’ ఊతపదం కాదు, అది వివరణకి తలుపు. ‘గిడుగు వారు రాకపోయి ఉంటే, అంటే... ఆ... ఈ నిఘంటువు ఉండేది కాదు’ అన్నప్పటిది ఊతపదం. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఆ మాట తీసి వాక్యం పైకి చదువుతాను. అర్థం, ధైర్యం రెండూ మారకపోతే తీయొచ్చు. ధైర్యం అని ఎందుకన్నానంటే, ‘బహుశా’, ‘అనుకుంటాను’, ‘నాకు తెలిసినంతలో’ లాంటివాటిని కూడా కొందరు సాగదీత కింద లెక్కేసి కోసేస్తున్నారు. ఆ మాట తీసేస్తే మాస్టారు అనుమానంగా చెప్పినది రూఢిగా చెప్పినట్టు అవుతుంది. ఆయన నోట్లో మనం అబద్ధం పెట్టినట్టే. పరీక్షలో ఎవరైనా అది రాసి, తప్పని తేలితే మాట ఎవరికి వస్తుంది? అలాంటి మాట ఒక్కటీ తీయకూడదని నేను గట్టిగానే అంటాను.

ఇంకో చిక్కు ఉంది. దీని గురించి ఎక్కడా ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇంగ్లీషువాళ్ళ ‘అమ్’ విడిగా ఉంటుంది, పళ్ళెంలో రాయిలా ఏరి పారెయ్యొచ్చు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం తడబడేటప్పుడు విడిగా ‘అమ్’ అననక్కర్లేదు. చివరి అచ్చునే సాగదీస్తాం. ‘పర్లాకిమిడిలోఓఓఓ...’ అంటాం. ఊతం మాటకే అతుక్కుని ఉంటుంది, అన్నంలో కలిసిపోయిన ఉప్పులా. మొత్తం కోస్తే ‘పర్లాకిమిడిల్’ అని గొంతు నొక్కినట్టు ఆగుతుంది. ఆ 36 నిమిషాల ఫైల్లో ఇవేవీ తీయలేదు, ఎందుకంటే అది శబ్దమే కదా, మౌనం కాదు. సాగదీతలు అలాగే ఉండి, వాటి చుట్టూ ఉన్న మౌనం మాత్రం పోయింది. అందుకే మాస్టారు సాగుతూ, మళ్ళీ ఉరుకుతూ వింతగా వినిపించారు.

ఒక్క వాక్యం తీసుకుని మేం ఏం చేశామో చెప్తాను. మాస్టారు అన్నది ఇది: ‘గిడుగు వారు పర్లాకిమిడిలోఓఓ... అంటే... ఆ... రాజావారి స్కూల్లో పనిచేసేటప్పుడు సవరల మాట విన్నారు. మరి, అప్పటికి వాళ్ళకి లిపి ఉందా? లేదు.’

మొదటి సాగదీత ‘ఓ’ 1.3 సెకన్లు. తర్వాత మౌనం 0.9. ‘అంటే’ 0.4. మళ్ళీ మౌనం 0.7. ‘ఆ’ 0.6. ఆపైన ఊపిరితో కలిపి మౌనం 1.1. మొత్తం 5 సెకన్లు. సాగదీసేటప్పుడు గొంతు ఎక్కకుండా దిగకుండా ఒకే స్థాయిలో ఉంటుంది, అదే మనకి కలిసొచ్చేది. ‘ఓ’ మొదలు ముట్టుకోకూడదు, చివర కూడా ముట్టుకోకూడదు, ఎందుకంటే మొదట్లో ‘ల’ నుంచి జారడం ఉంటుంది, చివర్లో గొంతు ఆగడం ఉంటుంది. మధ్యలో సమంగా ఉన్నచోట నుంచి ఒక సెకను ఎంచుకుని, Z నొక్కి రెండు అంచుల్నీ అల సున్నా దాటే చోటికి జరిపి, తీసేశాం. 0.3 సెకన్ల ‘ఓ’ మిగిలింది, ఏదో ఆలోచిస్తూ అన్నట్టుగా సహజంగానే ఉంది. తర్వాత ఆ ‘ఓ’ ఆగినచోటు నుంచి మూడో మౌనం చివరి అర సెకను దాకా మొత్తం తీసేశాం. ఇక్కడ గమనించాల్సింది ఊపిరి. ‘రాజావారి’కి ముందు మాస్టారు పీల్చిన ఊపిరిని అట్టేపెట్టాం. దాన్ని కోస్తే వినేవాళ్ళకి తెలియకుండానే ఊపిరాడనట్టు ఉంటుంది. రెండు ఊపిర్లు పక్కపక్కన మిగిలితే ఎగశ్వాసలా ఉంటుంది. ఒకటే ఉండాలి, అదీ తర్వాతి మాటకి అతుక్కున్నది. 5 సెకన్లు 0.8 అయ్యాయి. అతుకు ఎక్కడుందో అక్కకీ నాకూ తప్ప ఎవరికీ దొరకలేదు.

‘విన్నారు’ తర్వాత మౌనం 2.6 సెకన్లు ఉంటే 1.3కి తెచ్చాం. కానీ ‘లిపి ఉందా?’ తర్వాత మాస్టారు 5 సెకన్లు ఆగారు. ఆయన మనవైపు చూస్తున్నారు, జవాబు కోసం. యాప్ దాన్ని అర సెకను చేసి ‘ఉందా లేదు’ అని ఒకే మాటలా కలిపేసింది. ప్రశ్న అడిగినట్టే లేదు. మేం 3 సెకన్లు ఉంచాం. వినేవాళ్ళు కూడా ఆలోచించుకోవాలి కదా. సవరకి సొరంగ్ సొంపెంగ్ లిపిని మంగేయీ గొమాంగో గారు తయారుచేసింది 1936లో. గిడుగు వారు పని మొదలెట్టినప్పుడు లేదు. ఆ సంగతి తెలిసిన గుణుపురం వైపు అమ్మాయి ఆ మూడు సెకన్లలో ‘ఇప్పుడుందండీ’ అని మనసులో అనుకుంటుంది. ఆ అవకాశం తీసెయ్యడానికి మనమెవరం?

అతుకుల గురించి పాత రేడియోవాళ్ళ పద్ధతి ఒకటి నాకు చాలా నచ్చింది. టేపుల కాలంలో రేడియో స్టేషన్లలో బ్లేడుతో టేపు కోసి అతికేవారు. సెకనుకి 19 సెంటీమీటర్ల వేగంతో తిరిగే టేపులో ఒక సెకను మౌనం అంటే జానెడు టేపు, కంటికి కనబడే వస్తువు. దాన్ని నిలువుగా కోసేవారు కాదు, 45 డిగ్రీల ఏటవాలుగా కోసేవారు. టేపు వెడల్పు పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. ఏటవాలు కోత హెడ్ ముందునుంచి జారడానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. ఆ కాసేపట్లో పాతముక్క తగ్గుతూ కొత్తముక్క పెరుగుతూ ఒకదాంట్లోకి ఒకటి కలుస్తాయి. ఇప్పుడు కంప్యూటర్లో Crossfade అంటున్నది అదే. మేం వాడింది కూడా 20, 30 మిల్లీసెకన్లే. ఇంకా పొడుగ్గా పెడితే రెండు మాటలు ఒకదానిమీద ఒకటి పడి మసకగా వినిపిస్తాయి.

అతుకు పడే చోటు కూడా చూసుకోవాలి. ‘క’, ‘ట’, ‘ప’లతో మొదలయ్యే మాటకి సరిగ్గా ముందు పెడితే ఆ అక్షరం పేలుడులో అతుకు దాగిపోతుంది. అచ్చు మధ్యలో పెడితే దాగదు, పైన చెప్పిన సమమైన సాగదీతలో తప్ప.

ఫ్యాను సంగతి మాత్రం ఎవరికైనా వింతగా ఉంటుంది. మన సెమినార్ హాల్లో రెండో ఫ్యాను తిరిగినప్పుడల్లా ‘టిక్’ అంటుంది, మీ అందరికీ తెలిసిందే. మాట ఎంత బాగా అతికినా ఆ టిక్ టిక్ తాళం మధ్యలో తప్పితే చెవి పట్టేస్తుంది. మేం ఏం చేశామంటే తీసే ముక్కని టిక్ నుంచి టిక్‌కి కొలిచి తీశాం. ఒక టిక్ ముందు మొదలుపెట్టి ఇంకో టిక్ ముందు ఆపడం. అలా చేస్తే తాళం తప్పదు. మౌనం పెంచాల్సి వచ్చినచోట Generate లోని Silence వాడొద్దు, అది నిజంగా సున్నా, ఫ్యాను హోరు మధ్యలో నుయ్యిలా వినిపిస్తుంది. అదే హాలు హోరు ఒక ముక్క కాపీ చేసి పెట్టాలి. వానలో ఈ పని ఇంకా కష్టం. వాన పెరుగుతున్నప్పుడు ముప్పయ్ సెకన్లు తీస్తే ఒక్కసారి వాన ఎగిరి మీద పడ్డట్టుంటుంది. అక్కడ పొడుగు ముక్కలు తీయకుండా వదిలేశాం. ఆ 44 నిమిషాల్లో కనీసం నిమిషన్నర ఈ వాన మొహమాటమే.

వినిచూసుకోవడం ఎలాగో కూడా చెప్పాలి. అతుకు దగ్గర్నుంచి వింటే ప్రతి అతుకూ బాగానే ఉంటుంది. పది సెకన్లు ముందునుంచి, కళ్ళు మూసుకుని, తెర చూడకుండా వినాలి. తెర మీద అతుకు కనబడుతుంటే చెవి కూడా దాన్ని వింటుంది. మేం మర్నాడు మళ్ళీ విన్నాం, ఒకసారి ఇయర్‌ఫోన్స్‌లో, ఒకసారి ఫోన్ స్పీకరులో. స్పీకరులో దాక్కున్న ఊపిరి తెగుళ్ళు ఇయర్‌ఫోన్స్‌లో బయటపడ్డాయి. తర్వాత ఉపన్యాసానికి రాని మొదటి సంవత్సరం చెల్లిని కూర్చోబెట్టి, ఎక్కడ కోసినట్టు అనిపిస్తే అక్కడ చెయ్యెత్తమన్నాం. ఆ అమ్మాయి మూడుసార్లు ఎత్తింది. రెండు చోట్ల నిజంగానే మా అతుకులు, అవి సరిచేశాం. మూడోది మాస్టారు తానే మాట మధ్యలో మార్చుకున్న చోటు! దాన్ని ముట్టుకోలేదు.

ఇదంతా చేయడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. ప్రతి రికార్డింగుకీ అంత తీరిక ఎవరికీ ఉండదని ఒప్పుకుంటాను. తీరిక లేనప్పుడు Compress Excess Silence ఒక్కటి జాగ్రత్తగా నడిపి, ఊతపదాలు వదిలేసి, మోనో 48లో పంపడం చాలు. ఊతపదాలతో ఉన్న ఉపన్యాసం కాస్త విసుగు తెప్పిస్తుంది, అంతకు మించి చెరుపేమీ చెయ్యదు. బోర్డు మీద రాస్తున్నప్పుడు వీడియో తీసి ఉంటే ఆ మౌనాన్ని అసలు ముట్టుకోవద్దు, బొమ్మ ఎగిరిపోతుంది, రాసుకునేవాళ్ళకి టైమూ పోతుంది.

నేను విభాగాన్ని అడిగేవి రెండే. కత్తిరించని అసలు ఫైలు ఎప్పుడూ ల్యాబ్ కంప్యూటర్‌లో ఉండాలి. కత్తిరించినది అందరికీ పంపేముందు మాట్లాడినవాళ్ళకి ఒకసారి వినిపించాలి. మాస్టారికి మా 44 నిమిషాలది పంపాం. ఆయన మొత్తం విని ఒక్క సవరణ అడిగారు. ఇరవై ఏడో నిమిషంలో మేం తీసేసిన ఒక ‘మానే’ తిరిగి పెట్టమన్నారు. దాని వెనక ఒక ఒడియా మాట చెప్పబోయి ఆగారట. పెట్టేశాం. కొత్త ఫైలు సోమవారం నుంచి ల్యాబ్‌లో ఉంటుంది, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.